డైలీ సీరియల్ ముగుస్తోంది, డైరెక్టర్ గారి వీడ్కోలు స్పీచ్ నేనే రాయాలి: సలహాలు కావాలి

సీన్‌పేపర్

అందరికీ నమస్కారం. నేనొక డైలీ సీరియల్‌కి అసోసియేట్‌గా చేస్తున్నాను. ఇంకా టెలికాస్ట్ అవుతోంది కాబట్టి పేరు చెప్పను. ఏళ్ల తరబడి నడిచిన సీరియల్, ఈ నెలాఖరుకి షూటింగ్ అయిపోతుంది. మా డైరెక్టర్ గారు ఈ లైన్లో బాగా సీనియర్, మొదటి ఎపిసోడ్ నుంచీ ఆయనే. చివరి రోజు యూనిట్ అందరికీ థాంక్స్ చెప్పాలని ఉంది, కాగితం మీద పెట్టి ఇవ్వమన్నారు. సెట్లో గొంతు చించుకుని అరిచే మనిషే గానీ, మైకు చేతికిస్తే రెండు ముక్కలు మాట్లాడి కూర్చుంటారు.

పేర్లు రాయడం మొదలుపెడితే అదే రెండు పేజీలు దాటింది. మారిపోయిన ఆర్టిస్టులదే ఒక పెద్ద లిస్టు, పెద్ద కోడలి పాత్ర ఒక్కటే ముగ్గురు చేశారు. డైలాగ్ రైటర్లు మారారు, కెమెరామ్యాన్లు మారారు. ఎవర్ని వదిలేసినా గొడవే, అందర్నీ చదివితే క్లాసులో అటెండెన్స్ తీసుకున్నట్టు ఉంటుంది. ఆయన పెట్టిన షరతులు రెండే: ఐదు నిమిషాలు దాటకూడదు, ఎవరూ నొచ్చుకోకూడదు. ఇలాంటివి చూసినవాళ్లు, చేసినవాళ్లు కాస్త చెప్పండి.

స్టేజ్_మైక్

బ్రో, దీనికి ఫార్మాట్ ఉంది, ఇంత టెన్షన్ ఎందుకు? నేను ఫంక్షన్లకి యాంకరింగ్ చేస్తుంటాను. ముందు ఛానల్, తర్వాత ప్రొడ్యూసర్, తర్వాత లీడ్ పెయిర్, తర్వాత మిగతా ఆర్టిస్టులు, ఆఖర్న టెక్నీషియన్లు. చివర్లో "పేరు పేరునా అందరికీ ధన్యవాదాలు" అంటే వదిలేసినవాళ్లు కూడా అందులోకి వచ్చేస్తారు. పని ఖతం.

సాయంత్రం_ఏడున్నర

ఏ సీరియల్ అండీ అది? మా ఇంట్లో చూసేదేనేమో అని గుండె గుభేలుమంది. దయచేసి ఆ పెద్దాయన్ని చంపి ముగించకండి. నెలల తరబడి కోమాలో పడుకోబెట్టారు, ఒక్కసారైనా కళ్లు తెరిపించి కూతురితో మాట్లాడించండి. మీ డైరెక్టర్ గారు ఆర్టిస్టులకి థాంక్స్ చెబితే చెప్పారుగానీ, మధ్యలో వదిలేసిన ఆ నగల దొంగతనం ట్రాక్ ఏమైందో చూసేవాళ్లకి కూడా ఒక మాట చెప్పాలిగా!

సీన్‌పేపర్

ఇది యూనిట్ లోపల మాట్లాడే స్పీచ్ అండీ, ప్రేక్షకులకి కాదు. నగల ట్రాక్ గురించి నన్నేమీ అడగకండి, ప్లీజ్.

పాత_కోడైరెక్టర్

పేర్ల సంగతి తర్వాత చూద్దాం తమ్ముడూ. చివరి రోజు అంటున్నావు, ఆ రోజు సెట్లో అసలు ఎవరుంటారో షెడ్యూల్ చూశావా?

కథలో ఆఖరి సీనూ షూటింగ్‌లో ఆఖరి సీనూ ఒకటి కావడం సీరియల్లో చాలా అరుదు. కుటుంబం అంతా కనిపించే సీనుకి అందరి డేట్లూ కలవాలి. ఆ కాంబినేషన్ ఎప్పుడు దొరికితే అప్పుడు లాగించేస్తాం. ఆ తర్వాత మిగిలేవన్నీ అతుకులే: ఉత్తరం విప్పే చేతులు, ఫోన్ ఇన్సర్టు, కారు గేటు దాటడం, ఎవరిదో ఒక రియాక్షన్. నేను చేసిన ఒక సీరియల్లో చిట్టచివరి షాట్ తలుపు గొళ్లెం. సెట్లో ఉన్నది కెమెరామ్యాన్, ఇద్దరు లైట్‌మెన్, హీరోయిన్ చేతికి డూపుగా కాస్ట్యూమ్స్ అమ్మాయి. డైరెక్టర్ గారు మాత్రం జేబులో మూడు పేజీలు పెట్టుకుని వచ్చారు. ఆర్టిస్టులు అప్పటికే వేరే సెట్లలో ఉన్నారు. ఎవరికి చదువుతారు? మడిచి మళ్లీ జేబులోనే పెట్టుకున్నారు.

సీన్‌పేపర్

ఇప్పుడే షెడ్యూల్ తీసి చూశాను సార్, మీరన్నది అక్షరాలా నిజం. హాల్లో అందరూ కలిసే సీను 26న. ఆఖరి రోజు 29. ఆ రోజు ఉన్నవి ఆసుపత్రి మంచం ప్యాచ్, రెండు కారు షాట్లు, విలన్ ఫోన్ సంభాషణలో ఒక వైపు. ఆర్టిస్టులు ముగ్గురే.

పాత_కోడైరెక్టర్

అయితే స్పీచ్ 26నే. ఇక ఆ రోజులో ఎప్పుడు అన్నది అసలు చిక్కు.

పొద్దున్నే చెప్పిస్తే సగం మంది ఏడుస్తారు. గ్లిజరిన్ ఏడుపు షాట్ వరకే, మన చేతిలో ఉంటుంది. నిజం ఏడుపు ఆగమంటే ఆగదు. కనురెప్పలు ఉబ్బుతాయి, ముక్కు కొస ఎర్రబడుతుంది, ఎంత టచప్ చేసినా క్లోజ్‌లో తెలిసిపోతుంది. సీను మొదట్లో నవ్వుతూ రావాల్సిన మనిషి ఉబ్బిన మొహంతో వస్తే ఏం చేస్తావ్? పోనీ ప్యాకప్ తర్వాత అనుకుందామంటే, ఆ మాట చెవిన పడ్డ మరుక్షణం సెట్లో ఎవరూ నిలబడరు. ఆర్టిస్టులు మేకప్ తీయించుకోవడానికి పోతారు, లైట్ యూనిట్ కేబుళ్లు చుట్టడం మొదలుపెడుతుంది.

లైట్‌యూనిట్_కుర్రాడు

ఇది మాత్రం కరెక్ట్ సార్. మాకు ప్యాకప్ అంటే పని అయిపోవడం కాదు, ఇంకో పని మొదలవడం. లైట్లు దించాలి, స్టాండ్లు లెక్క చూసుకోవాలి, బండి ఎక్కించాలి. పోయిన సీరియల్ అయిపోయినప్పుడు కింద స్పీచ్ నడుస్తుంటే నేను పరంజా మీద వేడి లైట్ విప్పుతున్నా. "లైట్ డిపార్ట్‌మెంట్‌కి స్పెషల్ థాంక్స్" అని వినపడింది, అందరూ చప్పట్లు కొట్టారు. మాకు కొట్టుకోడానికి చేతులు ఖాళీ లేవు 😄

స్టేజ్_మైక్

సింపుల్ కదా, క్లోజ్‌లన్నీ ముందు తీసేయండి, వైడ్ చివరికి పెట్టుకోండి. మధ్యలో స్పీచ్. వైడ్‌లో ఏడ్చిన మొహాలు ఎవరికీ కనపడవు.

పాత_కోడైరెక్టర్

సగం బాగానే చెప్పావు బాబూ. కానీ సీను మొత్తం కనిపించే మాస్టర్ షాట్ పడకుండా క్లోజ్‌లు తీస్తే ఎవరు ఏ డైలాగ్ దగ్గర లేచి నిలబడ్డారు, కొంగు ఏ భుజం మీద ఉంది, ఎవరు ఎటు చూస్తున్నారు అన్నది ఎవరికి గుర్తుంటుంది? పద్నాలుగు మంది ఉన్న సీన్లో అది కుదరదు. ఎప్పటిలాగే ముందు మాస్టర్, తర్వాత ఎదుటివాళ్ల భుజం మీదుగా తీసే సజెషన్లు, క్లోజ్‌లు, అన్నీ కానివ్వాలి. డైలాగ్ లేని వైడ్ ఒక్కటి మాత్రం మిగుల్చుకోవాలి, చివర్లో "శుభం" పడే షాట్ లాంటిది. స్పీచ్ ఆ షాట్‌కి ముందు. లైట్లు వెలుగుతూనే ఉంటాయి, అందరూ ఎవరి మార్కుల దగ్గర వాళ్లుంటారు, ఇంకో షాట్ ఉంది కాబట్టి ఎవరూ కదలరు. కళ్లు తడిసినా ఆ షాట్‌కి నష్టం లేదు, కథ ఎలాగూ కుటుంబం కలిసిపోయే చోటే కదా.

ఇంకో సంగతి, షిఫ్ట్ టైం చూసుకో. ఓవర్‌టైం పడే గంటలో స్పీచ్ పెడితే వినేవాళ్ల మనసంతా గడియారం మీదే ఉంటుంది, ప్రొడక్షన్ మేనేజర్ మొహం సరేసరి.

రాత్రి_ఎడిట్

నేను ఎడిటర్‌ని, మీ సీరియల్‌కి కాదు, ఇలాంటిదే ఇంకోదానికి. పేర్ల విషయంలో ఒక మాట. "ఎంతో కష్టపడ్డారు, రాత్రనక పగలనక పనిచేశారు" లాంటివి రాయకండి, అది ఏ సీరియల్‌కైనా సరిపోతుంది. ఆ మనిషి తప్ప ఇంకెవరూ చేయని పని ఒక్కటి చెప్పండి, పేరు దానంతట అదే వస్తుంది.

మేం ఎడిటర్లం సెట్‌కి రాము గానీ కట్ చెప్పాక కూడా ఆగని కెమెరాలో అన్నీ చూస్తుంటాం. మా దాంట్లో అత్త పాత్ర చేసే ఆవిడకి ఆరోగ్యం బాగాలేక ఒక రోజు రాలేదు. ఆ రాత్రికే ఎపిసోడ్ వెళ్లాలి, బ్యాంక్‌లో రెడీగా ఉన్న ఎపిసోడ్ ఒక్కటి కూడా లేదు. కాస్ట్యూమర్ ఆవిడే అత్త చీర కట్టుకుని, అదే కొప్పు పెట్టించుకుని, వెనక భుజం ఇచ్చింది. ఎదుటివాళ్ల క్లోజ్‌లన్నీ ఆ భుజం మీదుగా తీశారు. అత్తగారి క్లోజ్‌లకి నేను పాత ఎపిసోడ్లు వెతికి, అదే చీరలో మాట్లాడకుండా కోపంగా చూసే షాట్లు నాలుగు పట్టుకున్నాను. ఎవరూ కనిపెట్టలేదు. ఆ కాస్ట్యూమర్ పేరు ఎక్కడా రాలేదు. మీ సీరియల్లోనూ ఇలాంటివి ఉండే ఉంటాయి, అవి వెతకండి.

మైక్_వెనక

ఇది చదివి ఆగలేక రాస్తున్నాను. నేను డబ్బింగ్ ఆర్టిస్టుని. ఒక సీరియల్లో హీరోయిన్‌కి మొదటి ఎపిసోడ్ నుంచి చివరిదాకా నా గొంతే. తెర మీద మనిషి మారింది కూడా, గొంతు మారలేదు. ముగింపు రోజు ఫంక్షన్ చేసుకున్నారు, ఫొటోలు చూశాకే తెలిసింది. స్పీచ్ వీడియో కూడా చూశాను, "మన హీరోయిన్ ఏడిస్తే రాష్ట్రమంతా ఏడ్చింది" అన్నారు. ఆ ఏడుపు నాదండీ, జలుబు చేసిన రోజుల్లో కూడా. ఎవర్నీ తప్పుపట్టడం లేదు. సెట్‌కి రానివాళ్లు ఎవరికీ గుర్తుకురారు, అంతే.

సీన్‌పేపర్

మీ పోస్ట్ డైరెక్టర్ గారికి చదివి వినిపించాను అమ్మా. కాసేపు మాట్లాడలేదు, తర్వాత "డబ్బింగ్ వాళ్లని 26న పిలువు, కార్లు పంపు" అన్నారు. స్టూడియో వాళ్లతో మాట్లాడితే ఆ రోజు డబ్బింగ్ కూడా ఉందట. టెలికాస్ట్‌కి పంపాల్సిన ఎపిసోడ్లు కాబట్టి ఆపలేం. కనీసం లీడ్ గొంతుల్నైనా ఒక గంట వదలమని అడుగుతున్నాం.

పాత_కోడైరెక్టర్

ఐదు నిమిషాలంటే కాగితం మీద పేజీన్నర. అందులో సంఘటనలు ఐదారు కంటే పట్టవు, పట్టించాలని చూడకు. ఒక్కో సంఘటన ఒక్కో డిపార్ట్‌మెంట్ తరఫున నిలబడాలి. పేర్ల లిస్టు మొత్తం చివరి ఎపిసోడ్ టైటిల్స్‌లో పెట్టించు, వెళ్లిపోయినవాళ్లతో సహా. ఆ మాట స్పీచ్‌లోనే చెప్పించు, "ఇక్కడ పేరు చెప్పనివాళ్లు చివరి ఎపిసోడ్ ఆఖర్న చూసుకోండి" అని. అప్పుడు వినిపించని పేరు మర్చిపోయిన పేరు అనిపించదు. కానీ ఛానల్‌తో ఇప్పుడే మాట్లాడాలి. అరగంట స్లాట్‌లో యాడ్స్ పోగా మిగిలేది ఇరవై, ఇరవై రెండు నిమిషాలు. వాళ్లు టైటిల్స్‌కి టైం ఇవ్వడానికి పదిసార్లు ఆలోచిస్తారు.

ప్రొడ్యూసర్, ఛానల్ వాళ్లు ఎదురుగా కూర్చుంటే వాళ్ల మాట ముందే ఒక వాక్యంలో చెప్పేయడం మంచిది. ఆ వరకు యాంకర్ బాబు చెప్పింది ఒప్పుకుంటా.

సీన్‌పేపర్

డ్రాఫ్ట్ రాశాను. ముఖ్యమైన ముక్క పెడుతున్నా, పేర్లు తీసేశాను:

"అందరూ ఎక్కడివాళ్లు అక్కడే ఉండండి. ఇది ప్యాకప్ కాదు, ఇంకో షాట్ ఉంది. పరంజా మీదున్నవాళ్లు కిందికి రండి, మీతో కూడా మాట్లాడాలి.

ఈ సీరియల్ నాచేత తీయించిన ప్రొడ్యూసర్ గారికి, ఛానల్‌కి ముందుగా నా నమస్కారం. రేటింగ్ పడిపోయిన వారాల్లో కూడా ఫోన్ చేసి కథ అడిగారుగానీ, మనిషిని మార్చమని అడగలేదు.

మన ఇంట్లో మాట్లాడిన ప్రతి డైలాగూ అందరికంటే ముందు పలికింది మన ప్రాంప్టింగ్ కుర్రాడు. భాష రాని ఆర్టిస్టులకి అర్థం చెప్పి, ఏ మాట దగ్గర ఊపిరి తీసుకోవాలో చూపించి, సగం నటన వాడే చేసి పెట్టాడు. తర్వాత డబ్బింగ్‌లో వాడి గొంతు తుడిచేశాం. తుడిచాక దాని మీద కూర్చున్న గొంతులవాళ్లు కూడా ఇవాళ ఇక్కడికి వచ్చారు, ఒకసారి వెనక్కి తిరిగి చూడండి.

నానమ్మగారు తన వీల్ చెయిర్ బ్రేకు పాడైన సంగతి ఎవరికీ చెప్పకుండా, రెండు కాళ్లతో నేలని అదిమిపట్టి పేజీ డైలాగ్ చెప్పారు. షాట్ అయ్యాక చెయిర్ వెనక్కి జారితేగానీ మాకు తెలీలేదు. నేను మాత్రం ఆ రోజు ఆవిణ్ని 'కొంచెం రిలాక్స్ అవండమ్మా' అని విసుక్కున్నాను.

పెద్ద కోడలిగా ముగ్గురు చేశారు..."

ఇక్కడే ఆగిపోయాను. మొదటి ఆర్టిస్ట్ గొడవపడి వెళ్లిపోయింది, ఆ గొడవ డైరెక్టర్ గారితోనే. ఇప్పుడున్న ఆవిడ ఎదురుగా నిలబడి ఉంటుంది. పేరు ఎత్తాలా, వద్దా?

స్టేజ్_మైక్

వద్దు బ్రో. వెళ్లిపోయినవాళ్ల పేరు ఎందుకు? ఉన్నావిడ ఫీల్ అవుతుంది.

రాత్రి_ఎడిట్

ఎందుకు ఎత్తకూడదు? మొదటి ఏడాది జనాన్ని అలవాటు చేసింది ఆ అమ్మాయే. ఆమె ఫుటేజ్ ఫ్లాష్‌బ్యాక్‌లలో వాడుకునే ఉంటారు, పేరుకి మాత్రం అంటరానితనమా?

పాత_కోడైరెక్టర్

నేనైతే ముగ్గురి పేర్లూ వరసగా, విశేషణాలు లేకుండా చెప్పిస్తాను. "అద్భుతంగా చేసింది" అని ఒకరికి తగిలించావో, మిగతా ఇద్దరూ తూకం వేసుకుంటారు. ఇప్పుడున్నావిడ గురించి నిజంగా చెప్పదగ్గది ఒకటుంది: నడుస్తున్న పాత్రలోకి రావడం. పొద్దున సెట్‌కి వచ్చి, మధ్యాహ్నానికి ఏళ్ల నాటి కోపాన్ని తన కోపంలా చూపించాలి, ఆ రోజు రాత్రి జనం తిట్లు కూడా పడాలి. ఆ సంగతి చెబితే ఆవిడకి చాలు, మొదటావిడ పేరు విన్నా గుచ్చుకోదు.

లైట్‌యూనిట్_కుర్రాడు

సార్ మీరు అలా అంటున్నారు గానీ, గొడవ డైరెక్టర్ గారితో అయినప్పుడు పేరు చెప్పడం సారీ చెప్పినట్టు ఉండదా? యూనిట్ అంతా అలాగే అనుకుంటుంది.

పాత_కోడైరెక్టర్

అనుకుంటే అనుకోనీ. అది ఆయన తేల్చుకోవాల్సింది, మనం రాసిచ్చేది కాదు.

సీన్‌పేపర్ (27వ తేదీ)

నిన్న అయిపోయింది. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాస్టర్, క్లోజ్‌లు సాయంత్రం ఆరున్నరకి అయ్యాయి. వైడ్ ఒక్కటి ఉంచాం. లైట్ వాళ్లు కిందికి దిగి వచ్చి నిలబడటం చూస్తేనే ఆర్టిస్టులకి ఏదో తేడాగా ఉందని అర్థమైంది. డైరెక్టర్ గారు కాగితం చూసి చదవడం మొదలుపెట్టారు. ప్రాంప్టింగ్ పేరా దగ్గరికి వచ్చేసరికి గొంతు పట్టేసింది, మాట రాలేదు. ఒక్క క్షణం ఆగారో లేదో, పక్కనుంచి మా ప్రాంప్టింగ్ కుర్రాడు అలవాటు కొద్దీ తర్వాతి లైన్ అందించేశాడు! స్పీచ్ కాపీ వాడి చేతిలోనే ఉంది, వాడి గురించి రాసిన పేరా వాడే ప్రాంప్ట్ చేశాడు. సెట్ మొత్తం ఒకటే నవ్వు. ఆయన కూడా నవ్వి, మిగతాది గడగడా చెప్పేశారు.

కోడళ్ల దగ్గర ముగ్గురి పేర్లూ చెప్పారు. మొదటి ఆర్టిస్ట్ పేరు తర్వాత కాగితంలో లేని మాట ఒకటి చేర్చారు, "ఆ రోజు నేను కూడా తగ్గాల్సింది" అని. అది బాగుందా, ఇప్పుడున్నావిడ ముందు అనకుండా ఉండాల్సిందా అని ఇవాళంతా సెట్లో రెండు వర్గాలుగా వాదించుకుంటున్నారు.

డబ్బింగ్ నుంచి ఇద్దరే రాగలిగారు. నానమ్మగారు వాళ్లని దగ్గరికి పిలిచి, "నా పళ్లు ఊడినప్పటి డైలాగులు ఎలా పలికావే తల్లీ" అని అడిగి మరీ పలికించుకున్నారు.

అన్నీ సవ్యంగా ఏమీ జరగలేదు. వైడ్ అయిపోయి అందరూ వెళ్లిపోయాక మానిటర్‌లో చూస్తే చిన్న కొడుకు క్లోజ్ ఒకటి ఫోకస్ పోయింది. ఆయన డేట్ మళ్లీ లేదు. రియాక్షన్ తీసేసి నానమ్మ మీదే డైలాగ్ మొత్తం నడపాలని ఎడిటర్ అన్నాడు, అలాగే కానిస్తున్నాం.

రాత్రి_ఎడిట్

పోయిన క్లోజ్ పక్కన ఇంకో టేక్‌లో "యాక్షన్" చెప్పకముందు ఆయన నిలబడి చూస్తున్న ముక్క ఉందేమో వెతకమనండి, రెండు సెకన్లు దొరికినా చాలు.

ఇంకో మాట, స్పీచ్ వీడియో ఎవరైనా తీశారా? బయటికి పోనివ్వకండి. టెలికాస్ట్‌కి ఇంకా రెండు వారాలు ఉంది కదా, వెనకాల ఎవరెవరు ఏ కాస్ట్యూమ్‌లో నిలబడ్డారో చూస్తే కథ మొత్తం తెలిసిపోతుంది.

సీన్‌పేపర్

ఆలస్యమైంది సార్, మేకప్ అసిస్టెంట్ ఒకతను స్టేటస్ పెట్టుకున్నాడు. ఛానల్ నుంచి ఫోన్ వచ్చాక తీసేశాడుగానీ, ఫ్యాన్ పేజీల్లోకి అప్పటికే వెళ్లింది. కోమా మంచం మీదుండాల్సిన పెద్దాయన పట్టుపంచెలో మధ్యలో నిలబడి ఉన్నారు అందులో.

సాయంత్రం_ఏడున్నర

చూశాను చూశాను! బతికారు, అది చాలు నాకు. నగలు ఎవరు తీశారో మాత్రం ఆ వీడియోలో తెలియడం లేదు.

మైక్_వెనక

నేను మీ సీరియల్ దాన్ని కాకపోయినా, వచ్చిన ఆ ఇద్దరిలో ఒకరు నాకు తెలుసు. ఫోన్ చేసి గంటసేపు చెప్పింది. చివరి ఎపిసోడ్ టైటిల్స్‌లో డబ్బింగ్ పేర్లు వేస్తున్నారా? ఆమె అడగలేదు, నేనే అడుగుతున్నాను.

సీన్‌పేపర్

వేస్తున్నాం అమ్మా. ఛానల్ ఇచ్చింది 25 సెకన్లే. రోలింగ్‌గా వదిలితే పేర్లు ఎవరూ చదవలేనంత వేగంగా పోతున్నాయి. అందుకని రెండు వరసల కార్డులు చేసి, ఒక్కొక్కటి నాలుగు సెకన్లు ఉంచమన్నాను. ఆరు కార్డుల్లో డబ్బింగ్‌ది నాలుగోది. లైట్ యూనిట్ వాళ్ల ఇంటిపేర్లు ఇంకా అందలేదు, కుర్రాడు గారూ, మీ మేస్త్రీలు ఎవరైనా తెలిస్తే లిస్టులు రేపటికల్లా పంపమని చెప్పండి, ఎల్లుండి కార్డులు లాక్ చేసేస్తారు.